90 ఫ్రేములు ఏ తెర మీద నిలుస్తాయి?

బీజీఎంఐ ఆటలో సెట్టింగ్స్ తెరిచి గ్రాఫిక్స్ పేజీకి వెళ్తే రెండు వరుసలు కనిపిస్తాయి. మొదటి వరుస బొమ్మ నాణ్యతకు సంబంధించింది: స్మూత్, బ్యాలెన్స్‌డ్, హెచ్‌డీ, ఆ పైన మరికొన్ని మెట్లు. రెండో వరుస ఫ్రేమ్ రేటుది. అందులో లో, మీడియం, హై, అల్ట్రా, ఎక్స్‌ట్రీమ్ అని గడులుంటాయి. కొన్ని పరికరాల్లో ఆ తర్వాత ఎక్స్‌ట్రీమ్ ప్లస్, దాని పక్కన అల్ట్రా ఎక్స్‌ట్రీమ్ కూడా కనిపిస్తాయి. పేర్లు ఘనంగా ఉన్నా వాటి వెనక ఉన్నవి మామూలు అంకెలే. అల్ట్రా అంటే సెకనుకు 40 బొమ్మలు, ఎక్స్‌ట్రీమ్ అంటే 60, ఎక్స్‌ట్రీమ్ ప్లస్ అంటే 90, అల్ట్రా ఎక్స్‌ట్రీమ్ అంటే 120. టాబ్ గానీ పెద్ద తెర ఫోన్ గానీ కొనబోయే కుర్రవాళ్లు దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న ఈ చివరి రెండు గడుల గురించే: ‘అన్నా, ఇందులో 90 వస్తుందా?’

అడగవలసిన ప్రశ్న దానికంటే కొంచెం పెద్దది. 90 రావడం వేరు, 90 నిలవడం వేరు. గడి కనిపించి, దాన్ని నొక్కి, మొదటి ఐదు నిమిషాలు ఆట నీళ్లలా సాగి, ఇరవయ్యో నిమిషంలో చివరి వలయంలోకి వెళ్లేసరికి తెర తడబడితే ఆ 90కి విలువ లేదు. ఆట తేలేది ఆ చివరి నిమిషాల్లోనే. అందుకే ఏ పరికరం ఎంత అందుకుంటుందనే దానికన్నా, ఎంతసేపు పట్టి ఉంచుతుందనేదే ఇక్కడ ముఖ్యమైన విషయం.

పెట్టె మీద రాసే 90 హెర్ట్జ్, 120 హెర్ట్జ్, 144 హెర్ట్జ్ అనేవి తెర గుణం. ఆ తెర సెకనుకు అన్నిసార్లు తన బొమ్మను కొత్తగా గీసుకోగలదని అర్థం. ఆట తయారుచేసి ఇచ్చే బొమ్మల లెక్క వేరు. దాన్ని ఎఫ్‌పీఎస్ అంటారు. ఈ బొమ్మలను తయారుచేసేది ప్రాసెసర్, అందులోని గ్రాఫిక్స్ భాగం. తెర 120 సార్లు మారడానికి సిద్ధంగా ఉన్నా లోపలి నుంచి 40 బొమ్మలే వస్తే కంటికి కనిపించేవి 40 మాత్రమే. ఒక్కో బొమ్మను తెర మూడేసి సార్లు చూపిస్తుంది, అంతే. మెనూలు జారవిడుస్తున్నప్పుడు, వీడియోల పట్టీని వేలితో తోస్తున్నప్పుడు 120 హెర్ట్జ్ నునుపు నిజంగానే కనిపిస్తుంది. దుకాణంలో చేతికిచ్చి చూపించేది కూడా అదే. ఆటలో అదే నునుపు ఉంటుందని దాని ఆధారంగా అనుకోకూడదు.

మరో అంకె ఇంకా ఎక్కువ మోసం చేస్తుంది. ‘240 హెర్ట్జ్ టచ్ శాంప్లింగ్’ అని రాసి ఉంటే అది వేలి స్పర్శను తెర సెకనుకు ఎన్నిసార్లు గమనిస్తుందో చెప్పే లెక్క. బొమ్మల సంఖ్యతో దానికి సంబంధం లేదు. 60 హెర్ట్జ్ తెరకు కూడా 240 హెర్ట్జ్ టచ్ ఉండవచ్చు.

అధిక ఫ్రేమ్ రేటు దక్కాలంటే మూడు తలుపులు తెరుచుకోవాలి. మొదటిది తెర. 60 హెర్ట్జ్ తెర మీద 90 అసాధ్యం. దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ మామూలు ఐప్యాడ్. పదో తరం ఐప్యాడ్‌లో ఏ14 చిప్ ఉంది. బడ్జెట్ ఆండ్రాయిడ్ టాబ్‌లలో ఉండే చాలా చిప్‌ల కన్నా అది బలమైనది. అయినా దాని తెర 60 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. కాబట్టి అందులో 60 గట్టిగా నిలుస్తుంది, దాని పైన ఏమీ ఉండదు. ఐప్యాడ్‌లలో 120 హెర్ట్జ్ 2017 నుంచి ప్రో వర్గంలో ఉంది, కానీ ఆ ధర బడ్జెట్ మాటకు చాలా దూరం.

రెండో తలుపు తాళంచెవి ఆట చేసిన కంపెనీ చేతిలో ఉంటుంది. ఏ పరికరానికి ఏ గడి చూపించాలో ఆట లోపల ఒక జాబితా ఉంటుంది. తెర 120 హెర్ట్జ్ అయినా, చిప్ బలంగా ఉన్నా, ఆ మోడల్ జాబితాలోకి ఎక్కకపోతే గడి కనిపించదు. కొత్తగా విడుదలైన ఫోన్లకు మొదటి నెలల్లో ఇదే జరుగుతుంటుంది. తర్వాతి అప్‌డేట్‌లో గడి ప్రత్యక్షమవుతుంది. అప్పుడప్పుడు ఉన్న గడి మాయమవుతుంది కూడా. 120 ఫ్రేముల గడి బీజీఎంఐలోకి 2024లో వచ్చింది. మొదట కొద్ది మోడళ్లకే ఇచ్చి తర్వాత జాబితా పెంచుతూ పోయారు. కాబట్టి ఏడాది కిందటి వీడియో చూసి ‘ఇందులో 90 లేదు’ అనుకోవడం, ‘ఇందులో 120 ఉంది’ అనుకోవడం రెండూ ప్రమాదమే. కొనే వారంలో, ఇప్పటి వెర్షన్‌లో, అదే మోడల్‌లో గ్రాఫిక్స్ పేజీ ఎలా కనిపిస్తుందో చూడాలి. ఈ తాళాన్ని పగలగొడతామని చెప్పే యాప్‌లు, మార్చిన కాన్ఫిగ్ ఫైళ్లు చాలా తిరుగుతుంటాయి. ఆట ఫైళ్లను మార్చడం క్రాఫ్టాన్ నిబంధనలకు విరుద్ధం. ఖాతా పోయే ప్రమాదం ఉంది. ఏళ్ల తరబడి కూడబెట్టిన స్కిన్‌లతో సహా ఖాతా పోగొట్టుకోవడానికి ఒక గడి తగిన కారణం కాదు.

మూడో తలుపు చిప్, దాని వేడి. అసలు కథంతా ఇక్కడే ఉంది.

సెకనుకు 60 బొమ్మలంటే ఒక్కో బొమ్మ గీయడానికి 16.7 మిల్లీసెకన్ల గడువు. 90 అంటే 11.1 మిల్లీసెకన్లు. 120 అంటే 8.3. బొమ్మ మాత్రం అదే: అవే ఇళ్లు, అదే గడ్డి, అదే పొగ, అవే బుల్లెట్ల లెక్కలు. 60 నుంచి 120కి వెళ్తే ప్రాసెసర్ అదే పనిని సగం సమయంలో ముగించాలి, దాన్ని రెట్టింపు సార్లు చేయాలి. 25 నిమిషాల ఒక క్లాసిక్ మ్యాచ్‌లో 120 నిలపాలంటే 1,80,000 బొమ్మలు గడువు తప్పకుండా రావాలి. చిప్ ఇంత వేగంగా నడవాలంటే దాని గడియారం పెంచాలి. గడియారంతో పాటు వోల్టేజీ కూడా పెంచాల్సి వస్తుంది. వోల్టేజీ పెరిగితే కరెంటు ఖర్చు వేగం కన్నా చాలా త్వరగా పైకి పోతుంది. ఆ ఖర్చంతా చివరికి వేడిగా మారుతుంది. ఫోన్‌లో ఫ్యాన్ ఉండదు. వేడి లోహపు పలక మీదుగా వెనక అట్టకు, అక్కడి నుంచి గాలికీ చేతికీ పోవాలి. పోయేదానికన్నా పుట్టేది ఎక్కువైతే ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి గడియారాన్ని కిందికి దించుతుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. ఆడేవాళ్ల మాటల్లో ‘హీట్ అయ్యి ల్యాగ్ కొడుతోంది’.

ఇక్కడ టాబ్‌కు ఫోన్ మీద ఒక సహజమైన మేలు ఉంది. 11 అంగుళాల టాబ్ వెనక అట్ట, 6.7 అంగుళాల ఫోన్ వెనక అట్టకు రెండింతలు మించిన విస్తీర్ణం. అది లోహంతో చేసినదైతే వేడి దాని మీద పలచగా పరుచుకుంటుంది. అందుకే ఒకే చిప్ ఫోన్‌లో పావుగంటకు అలసిపోయినా, టాబ్‌లో గంటసేపు నిలబడవచ్చు. పాతబడిన చిప్‌లు టాబ్‌లలో బతికి బట్టకట్టడానికి ఇదే కారణం.

దీనికి మంచి ఉదాహరణ షావోమీ ప్యాడ్ 6. 2023 జూన్‌లో 26,999 రూపాయల ప్రారంభ ధరతో మన మార్కెట్లోకి వచ్చింది. అందులోని స్నాప్‌డ్రాగన్ 870 అప్పటికే రెండేళ్ల పాతది, 7 నానోమీటర్ల పద్ధతిలో చేసినది. కానీ అది పుట్టుకతో ఖరీదైన ఫోన్ల కోసం చేసిన చిప్. గ్రాఫిక్స్ భాగంలో బలం ఉంది. 11 అంగుళాల 144 హెర్ట్జ్ తెర, లోహపు ఒళ్లు, 8,840 ఎంఏహెచ్ బ్యాటరీ దానికి తోడయ్యాయి. ఇలాంటి పరికరంలో స్మూత్ మీద 90 ఫ్రేములు నిలబెట్టడం చిప్‌కు పెద్ద భారం కాదు. దాని తర్వాతి ప్యాడ్ 7, 2025 జనవరిలో 27,999 రూపాయలతో మొదలైంది. అందులో స్నాప్‌డ్రాగన్ 7 ప్లస్ జెన్ 3 ఉంది. ఇది 4 నానోమీటర్ల చిప్, అంటే అదే పని తక్కువ కరెంటుతో చేస్తుంది. తెర 11.2 అంగుళాలు, 144 హెర్ట్జ్. పొడవు వెడల్పులు 3:2 నిష్పత్తిలో ఉంటాయి కాబట్టి తెర ఎత్తు ఎక్కువ. 120 గురించి నిజంగా మాట్లాడదగిన బడ్జెట్ టాబ్ ఏదంటే దీన్నే ముందు చెప్పాలి.

ఈ రెండింటికీ దిగువన ఉన్న టాబ్‌లలోనే కొనేవాళ్లు ఎక్కువగా దెబ్బతింటారు. పోకో ప్యాడ్ 5జీ చూడటానికి వాటికన్నా గొప్పగా ఉంటుంది: 12.1 అంగుళాల తెర, 120 హెర్ట్జ్, 10,000 ఎంఏహెచ్ బ్యాటరీ. 2024 ఆగస్టులో 23,999 రూపాయలతో వచ్చింది. లోపల మాత్రం స్నాప్‌డ్రాగన్ 7ఎస్ జెన్ 2. పేరులో 7 ఉన్నా, పక్కనున్న ఆ చిన్న ‘ఎస్’ అక్షరం చాలా తగ్గింపును దాచుకుంది. గ్రాఫిక్స్ బలంలో ఇది 870 కన్నా బాగా వెనక ఉంటుంది. సినిమాలకు, పాఠాలకు చక్కటి టాబ్. ఆటలో 60 దగ్గర హాయిగా కూర్చుంటుంది. 90 ఇచ్చినా పోరు ముదిరినప్పుడు పట్టి ఉంచడం దానికి కష్టం. రెడ్‌మీ ప్యాడ్ ప్రో 5జీలోనూ ఇదే చిప్, ఇదే తెర పరిమాణం, కాబట్టి దానికీ ఇదే తీర్పు.

ఇంకా కిందికి దిగితే 20,000 రూపాయల దగ్గర హీలియో జీ99 చిప్ ఉన్న టాబ్‌లు కనిపిస్తాయి. రియల్‌మీ ప్యాడ్ 2లో 11.5 అంగుళాల 120 హెర్ట్జ్ తెర ఉంది. వన్‌ప్లస్ ప్యాడ్ గోలో 11.35 అంగుళాల 90 హెర్ట్జ్ తెర ఉంది. రెండూ 2023లో 19,999 రూపాయలకు వచ్చాయి. తెరలు బాగుంటాయి. కానీ జీ99లో ఉన్నది రెండే కోర్ల గ్రాఫిక్స్ భాగం. అది 60 వరకు లాక్కొస్తే గొప్ప. రెడ్‌మీ ప్యాడ్ ఎస్‌ఈ ఇంకా చవక, 12,999 రూపాయలకు మొదలైంది. తెర 90 హెర్ట్జ్ అని పెట్టె మీద ఉంటుంది. లోపలి స్నాప్‌డ్రాగన్ 680 బీజీఎంఐలో 40 ఫ్రేముల చిప్. ఈ ధరలో 90 హెర్ట్జ్ అనే మాట ఆటగాళ్ల కోసం రాసింది కాదు, తెర జారుడు కోసం రాసింది.

టాబ్ కొనేవాళ్లు చూడవలసిన మరో చిన్న సంగతి జైరోస్కోప్. ఫోన్‌ను వంచి గురిని సరిచేసుకునే అలవాటున్నవాళ్లు చాలామంది. చవక టాబ్‌లలో కొన్నింటికి జైరోస్కోప్ అసలే ఉండదు. ఉందో లేదో కంపెనీ వివరాల పట్టికలో సెన్సర్ల వరుసలో ఉంటుంది. అది లేని టాబ్‌లో 90 ఫ్రేములొచ్చినా జైరో ఆటగాడికి చేయి విరిగినట్టే. బరువు కూడా లెక్కలోకి వస్తుంది. ప్యాడ్ 6 బరువు 490 గ్రాములు, మామూలు ఫోన్‌కు రెండున్నర రెట్లు. దాన్ని గాల్లో పట్టుకుని అరగంట వంచుతూ ఆడటం మణికట్టుకు పని.

పెద్ద తెర ఫోన్లలో పోటీ ఎక్కువ కాబట్టి అదే డబ్బుకు చిప్ మెరుగ్గా దొరుకుతుంది. 25,000 నుంచి 30,000 రూపాయల మధ్య గత రెండు మూడేళ్లలో వచ్చినవాటిని చిప్‌ను బట్టి రెండు కుటుంబాలుగా చూస్తే సులువు. ఒకటి మీడియాటెక్ డైమెన్సిటీ 8000 వరుస. ఇన్‌ఫినిక్స్ జీటీ 20 ప్రోలో డైమెన్సిటీ 8200 అల్టిమేట్, 6.78 అంగుళాల 144 హెర్ట్జ్ తెర ఉన్నాయి. పోకో ఎక్స్6 ప్రోలో 8300 అల్ట్రా, ఎక్స్7 ప్రోలో 8400 అల్ట్రా ఉన్నాయి. రెండింటికీ 6.67 అంగుళాల 120 హెర్ట్జ్ తెర. రెండో కుటుంబం స్నాప్‌డ్రాగన్‌లో 7 ప్లస్, 8ఎస్ అనే వరుసలు. పోకో ఎఫ్5లో 7 ప్లస్ జెన్ 2, వన్‌ప్లస్ నార్డ్ 4లో 7 ప్లస్ జెన్ 3, పోకో ఎఫ్6లోనూ ఐకూ నియో 10ఆర్‌లోనూ 8ఎస్ జెన్ 3 ఉన్నాయి. వీటన్నింటికీ 90 నిలపగల సత్తా ఉంది. 120 మాత్రం ఆట జాబితాను, ఒంటి చల్లదనాన్ని బట్టి ఉంటుంది. పోకో ఎక్స్7 ప్రో, ఐకూ నియో 10ఆర్ లాంటి 2025 మోడళ్లలో బ్యాటరీ 6,400 ఎంఏహెచ్, ఆపైన ఉంది. ఎక్కువ ఫ్రేములతో ఎక్కువసేపు ఆడేవాళ్లకు ఇది నిజమైన లాభం.

15,000 రూపాయల ఫోన్ల సంగతి వేరు. అక్కడ 120 హెర్ట్జ్ అమోలెడ్ తెరలు బాగా దొరుకుతాయి, చిప్‌లు మాత్రం 60కి తగినవి. ఆ ధరలో నిలకడైన 60 దొరికితే అదే మంచి బేరం. దానికి చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. ఊగిసలాడే 90 కన్నా నిలబడ్డ 60 ఆటకు మేలు. ఎందుకో కొంచెం వివరంగా చూడాలి.

గురి పెట్టినప్పుడు చేయి ఒక లయకు అలవాటు పడుతుంది. వేలు ఎంత జరిపితే గురి ఎంత కదులుతుందో, ఎంతసేపటికి కదులుతుందో బుర్ర లెక్క కట్టుకుని ఉంటుంది. 90లో బొమ్మలు 11 మిల్లీసెకన్లకోటి వస్తున్నప్పుడు, పొగ బాంబు పేలగానే అవి ఒక్కసారిగా 20, 25 మిల్లీసెకన్ల ఎడం తీసుకుంటే ఆ లెక్క తప్పుతుంది. గురి అవతలికి జారుతుంది. సగటు చూస్తే 80 ఉండవచ్చు, కానీ దెబ్బ తగిలింది ఆ నాలుగైదు బొమ్మల దగ్గరే. అందుకే పరికరాలను శ్రద్ధగా పరీక్షించేవాళ్లు సగటుతో తృప్తి పడరు. అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చిన నూటికి ఒక వంతు బొమ్మల వేగం ఎంతో చూస్తారు. సగటు 88, ఆ చివరి వంతు 75 అయితే అది నిలకడైన పరికరం. సగటు 85, చివరి వంతు 40 అయితే అది పేరుకే 90.

తెరకూ ఆటకూ లయ కుదరకపోవడం కూడా తడబాటుకు ఒక కారణం. దీన్ని గమనించేవాళ్లు తక్కువ. 120 హెర్ట్జ్ తెర మీద 60 ఫ్రేములు వస్తే ఒక్కో బొమ్మ సరిగ్గా రెండేసి సార్లు కనిపిస్తుంది, కదలిక సమంగా ఉంటుంది. 40 వస్తే మూడేసి సార్లు, అదీ సమమే. 90 ఫ్రేములు వచ్చి, తెర తన వేగాన్ని 90కి దించుకోకుండా 120లోనే ఉండిపోతే మాత్రం మూడు బొమ్మలను నాలుగు వంతుల్లో సర్దాలి. రెండు బొమ్మలు ఒక్కోసారి, మూడోది రెండుసార్లు కనిపిస్తాయి. మీటర్ మీద 90 కచ్చితంగా ఉంటుంది, కంటికి మాత్రం చిన్న గతుకు తగులుతూ ఉంటుంది. 90 హెర్ట్జ్ తెర మీద 60 ఫ్రేములు ఆడినా ఇదే ఇబ్బంది. 90 మెట్టు కూడా ఉన్న తెరల్లో, ఆట మొదలవగానే ఫోన్ తెరను ఆ మెట్టుకు మార్చుకుంటుంది. అలా మారిందో లేదో ఆండ్రాయిడ్ 11 నుంచి ఇంట్లోనే చూడవచ్చు. సెట్టింగ్స్‌లో ఫోన్ గురించి చెప్పే పేజీలో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. షావోమీ, పోకో పరికరాల్లో బిల్డ్ నంబర్‌కు బదులు ఓఎస్ వెర్షన్ మీద నొక్కాలి. అక్కడ ‘షో రిఫ్రెష్ రేట్’ ఆన్ చేస్తే తెర మూలన ఒక అంకె కనిపిస్తుంది. అది తెర వేగం, ఆట ఫ్రేమ్‌లు కాదు. ఆట ఫ్రేమ్‌ల అంకె చాలా ఫోన్లలో వాటి సొంత గేమింగ్ ప్యానెల్‌లో ఉంటుంది. షావోమీలో గేమ్ టర్బో అలాంటిదే. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన చూస్తే లోపం తెరదో, చిప్‌దో, ఆటదో తేలిపోతుంది.

ఒక పరీక్షను వరసగా చేసి చూస్తే విషయం స్పష్టమవుతుంది. 27,000 రూపాయల ఫోన్ ఒకటి చేతిలో ఉందనుకుందాం. బ్యాటరీ 80 శాతం పైన ఉండాలి, ఛార్జర్ తీసేయాలి, బ్యాటరీ సేవర్ ఆపాలి. సేవర్ ఆన్‌లో ఉంటే చాలా ఫోన్లు తెరను 60కి దించేస్తాయి. మందపాటి కవర్ తీసి, తెర వెలుగును సగానికి పెట్టాలి. గ్రాఫిక్స్ స్మూత్, ఫ్రేమ్ రేటు ఎక్స్‌ట్రీమ్ ప్లస్. చాలా పరికరాల్లో 90 గడి స్మూత్‌తోనే వస్తుంది. బొమ్మ నాణ్యత పెంచగానే పై గడులు మూసుకుపోతాయి. ముందు ఒక టీమ్ డెత్ మ్యాచ్ ఆడాలి. చిన్న మ్యాప్, పది నిమిషాల్లో అయిపోతుంది. అందులో 89, 90 కనిపిస్తే సంతోషించవచ్చు గానీ అది ఇంకా ఏ సంగతీ తేల్చదు. ఆపకుండా వెంటనే ఎరాంగెల్‌లో రెండు క్లాసిక్ మ్యాచ్‌లు ఆడాలి. పోచింకీ లాంటి రద్దీ చోట దిగాలి, వాహనం నడపాలి, పొగ బాంబులు వాడాలి. ఐదేసి నిమిషాలకు ప్యానెల్‌లోని అంకెను కాగితం మీద రాసుకోవాలి.

ఆ కాగితం చాలా చెబుతుంది. మొదటి నుంచి చివరి దాకా 86 నుంచి 90 మధ్య ఉంటే పరికరం పట్టి ఉంచినట్టే. మొదటి 15 నిమిషాలు 90 ఉండి, తర్వాత మెల్లగా 75కు, 65కు దిగి అక్కడే ఉండిపోతే అది వేడి పని. మొదటి నుంచే ఊగుతూ, పోచింకీలో 60కి పడి, ఖాళీ మైదానంలో 90కి లేస్తుంటే అది చిప్ బలహీనత, దానికి చల్లబరచడం మందు కాదు. 90 ఉన్నది ఒక్కసారిగా 60 మీద గీత గీసినట్టు ఆగిపోతే అది ఫోన్ సాఫ్ట్‌వేర్ కావాలని వేసిన కళ్లెం. గేమింగ్ ప్యానెల్‌లో పెర్ఫార్మెన్స్ మోడ్ పెట్టి మళ్లీ చూడాలి. అంకె 90లోనే ఉండి మనుషులు మాత్రం తెర మీద ఉన్నచోటి నుంచి దుముకుతున్నట్టు కనిపిస్తే అది నెట్ సమస్య, పింగ్ చూసుకోవాలి. ఈ చివరిదాన్ని ఫోన్ మీదకు నెట్టి కొత్త ఫోన్ కొన్నవాళ్లు చాలామందే ఉంటారు.

వేడి సంగతికి మన వాతావరణం నేరుగా ముడిపడి ఉంది. ఫోన్లు పనిచేయడానికి తగిన గది ఉష్ణోగ్రతను యాపిల్ సంస్థ 0 నుంచి 35 డిగ్రీలుగా చెబుతుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో మధ్యాహ్నం ఆ పై హద్దు ఎప్పుడో దాటిపోతుంది. ఒంటి వేడి గాలిలోకి పోవాలంటే గాలి చల్లగా ఉండాలి. 40 డిగ్రీల గాలిలో, 40 దాటిన వెనక అట్ట నుంచి వేడి దాదాపు కదలదు. చలికాలం ఏసీ గదిలో తీసిన పరీక్ష వీడియోలో 90 నిలిచిన ఫోన్, ఎండాకాలం రేకుల గదిలో 60కి దిగడం ఆ ఫోన్ లోపం కాకపోవచ్చు. అలాంటి చోట పైకి ఫ్యాన్ గాలి తగిలేలా కూర్చోవడం, కవర్ తీయడం, ఛార్జింగ్ పెట్టి ఆడకపోవడం నిజంగా పనిచేస్తాయి. ఛార్జింగ్ అవుతున్నప్పుడు బ్యాటరీ కూడా వేడి పుట్టిస్తుంది కాబట్టి రెండు పొయ్యిలు ఒకే గదిలో వెలిగించినట్టవుతుంది. ఇన్‌ఫినిక్స్ జీటీ 20 ప్రో, ఐకూ నియో 10ఆర్ లాంటివాటిలో బైపాస్ ఛార్జింగ్ ఉంది. అందులో కరెంటు బ్యాటరీలోకి పోకుండా నేరుగా ఫోన్ నడపడానికి వెళ్తుంది. వైరు పెట్టుకుని ఆడక తప్పనివాళ్లకు ఇది మంచి సదుపాయం. ఫోన్‌ను ఫ్రిజ్‌లో పెట్టడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. బయటికి తీయగానే లోపల తేమ పట్టి బోర్డు పాడవుతుంది.

మిగతా ఆటల సంగతి క్లుప్తంగా. ఫ్రీ ఫైర్ మ్యాక్స్ బరువు తక్కువ. బీజీఎంఐలో 40 దగ్గర ఆగిన చిప్‌లు కూడా అందులో బాగానే పరిగెత్తుతాయి. కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్‌లో పై గడి పేరు అల్ట్రా. అక్కడా బొమ్మ నాణ్యత పెంచితే ఫ్రేమ్ గడులు తగ్గిపోతాయి. చిన్న మ్యాప్‌లలో దక్కే వేగం బ్యాటిల్ రాయల్‌లో దక్కదు. గెన్షిన్ ఇంపాక్ట్ వేరే జాతి. ఆండ్రాయిడ్‌లో ఆ ఆట చాలాకాలం 60 దాటనివ్వలేదు. ఈ ధరల్లోని పరికరాలకు ఆ 60 నిలపడమే గట్టి పరీక్ష. అది మాత్రమే ఆడేవాళ్లు 144 హెర్ట్జ్ తెర కోసం అదనంగా పైసా పెట్టనక్కర్లేదు.

28,000 రూపాయలున్నవాళ్లు టాబ్ కోరితే షావోమీ ప్యాడ్ 7 తీసుకోవచ్చు. దొరికితే ప్యాడ్ 6 ఇప్పటికీ 90కి సరిపోతుంది. ఫోన్ కోరితే డైమెన్సిటీ 8300, ఆపైన చిప్‌లు, లేదా స్నాప్‌డ్రాగన్ 7 ప్లస్, 8ఎస్ వరుసలు చూడాలి. 20,000 లోపు టాబ్‌లలో 90 కోసం వెతకడం మానేసి 60ని గట్టిగా నిలిపేదాన్ని ఎంచుకోవాలి. డబ్బు కట్టే ముందు ఆ మోడల్‌లోనే బీజీఎంఐ తెరిపించి గ్రాఫిక్స్ పేజీలో ఎక్స్‌ట్రీమ్ ప్లస్ గడి ఉందో లేదో కళ్లతో చూసుకోవాలి. స్నేహితుల దగ్గర అదే పరికరం ఉంటే అరగంట ఆడి, ముప్పయ్యో నిమిషంలో అంకె ఎంతుందో చూడాలి.